పంతొమ్మిది చీటీలు, ఒక్క చీర

డిసెంబరు మూడో వారంలో మా తెనాలి బట్టల షాపు బాబాయి గారి నుంచి వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నేను డీటీపీ పని చేస్తాను. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, షాపుల ప్రకటనలు నా చేతి మీదుగా వెళ్తాయి. రెండేళ్లుగా బొమ్మలు తయారు చేసే ఏఐ టూల్స్ కూడా ఆ పనిలోకి వచ్చి చేరాయి. బాబాయి గారికి ఆ సంగతి తెలుసు. "అమ్మాయ్, సంక్రాంతి సేలు పెడుతున్నాం. ఆ ఏఐలో ఒక మంచి ప్రోమో చేసిపెట్టు. స్టేటస్‌లో పెట్టుకోవడానికి" అని మొదలుపెట్టి, దాదాపు మూడు నిమిషాలు ఆగకుండా చెప్పారు.

ఆయన చెప్పినవి వరసగా రాసుకున్నాను. సంక్రాంతి బంపర్ సేల్ అన్న పేరు. జనవరి 3 నుంచి 14 వరకు తేదీలు. మంగళగిరి కాటన్ చీరలు ₹899 నుంచి. పట్టుచీరల మీద 30 శాతం వరకు తగ్గింపు. పంచె కండువా సెట్లు. పిల్లల పట్టు లంగాలు. మూడు వేలు కొంటే స్టీలు డబ్బా. లక్కీ డ్రా. కొత్తగా వేయించిన ఏసీ. పార్కింగ్. షాపు పెట్టి 22 ఏళ్లయిన సంగతి. అడ్రసు. ఫోన్ నంబరు. హరిదాసు. గంగిరెద్దు. గాలిపటాలు. గొబ్బెమ్మలతో ముగ్గు. చీర కట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. షాపు పెట్టిన వాళ్ల నాన్నగారి ఫోటో. మొత్తం పంతొమ్మిది. చివర్లో "అంతా ఎరుపూ పసుపుల్లో ఉండాలి, రిచ్‌గా ఉండాలి" అన్నారు.

ఇందులో ఒక్కటి కూడా అనవసరమైనది కాదు. ఏసీ వేయించడానికి ఆయన అప్పు చేశారు. నాన్నగారు సైకిల్ మీద బట్టల మూటలు తిప్పి ఆ షాపు పెట్టారు. ఏది తీసేయమన్నా ఆయన మనసులో ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది. కానీ నా చేతిలో ఉన్నది ఫోన్ తెర. స్టేటస్ బొమ్మ అంటే 1080 పిక్సెల్స్ వెడల్పు, 1920 ఎత్తు. దాన్ని చూసేవాళ్లు బొటనవేలితో పక్కకి నెట్టేసే లోపు రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువ ఇవ్వరు.

ముందు ఒక పని చేశాను. ఆయన చెప్పినవన్నీ ఉన్నదున్నట్టు ఒకే ప్రాంప్ట్‌గా, అంటే టూల్‌కి రాసి ఇచ్చే సూచనగా, పెట్టి చూశాను. ఆ బొమ్మ ఆయనకు చూపించడానికే చేశాను, ఎందుకంటే ఈ మాట నోటితో చెబితే ఎవరూ నమ్మరు. మధ్యలో ఒక అమ్మాయి వచ్చింది. ఆమె కట్టుకున్నది మంగళగిరి చీర కాదు, ఒళ్లంతా బుటాలున్న పట్టుచీర. వెనకాల ఒక ఎద్దు ఉంది గానీ గంగిరెద్దుకు ఉండే అలంకారం లేదు. హరిదాసు కాస్తా తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన అయిపోయాడు, నెత్తిమీద అక్షయపాత్ర లేదు. ముగ్గు బదులు రంగురంగుల పొడులతో రంగోలీ, దాని చుట్టూ దీపాలు. 'భారతీయ పండగ' అనేసరికి నేను వాడిన టూల్స్ ఎక్కువసార్లు దీపావళి వైపే వెళ్లాయి. ఇక పైన అక్షరాలు. దూరం నుంచి తెలుగులాగే ఉన్నాయి, దగ్గరికి వెళ్తే ఏ అక్షరమూ కాదు. తలకట్టు ఉన్నచోట గుడి, ఒత్తు ఉండాల్సినచోట ఒక చుక్క.

బాబాయి గారు ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "మన సరుకేదమ్మా ఇందులో?" అని అడిగారు. ఆ ప్రశ్న నుంచే అసలు పని మొదలైంది.

ఎందుకిలా అవుతుందో కొంచెం చెప్పాలి. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి వెర్షన్లలో ఒక కచ్చితమైన హద్దు ఉండేది. మనం రాసినదాన్ని అది టోకెన్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టుకునేది. 77 ముక్కలకు మించి ఒక దఫాలో తీసుకోలేదు, వాటిలో రెండు మొదలుకీ చివరకీ పోతాయి. అంటే పేరా పొడుగునా రాస్తే చివరి వాక్యాలు దానికి అసలు చేరేవే కావు. ఇప్పటి టూల్స్ చాలా పెద్ద ప్రాంప్ట్‌లు కూడా చదువుకుంటాయి, తెలుగులో రాసినా అర్థం చేసుకుంటాయి. కానీ చదువుకోవడం వేరు, బొమ్మలో చోటు దొరకడం వేరు. పంతొమ్మిది వస్తువులు చెబితే వాటిలో ఏది పెద్దదో, ఏది వెనకో మనం చెప్పలేదు కాబట్టి టూలే నిర్ణయించుకుంటుంది. మనిషి ముఖం ఉంటే దాదాపు ఎప్పుడూ ముఖాన్నే పెద్దది చేస్తుంది. షాపు వాళ్లకు అమ్ముడుపోవాల్సింది ముఖం కాదు.

నేను షాపుకే వెళ్లాను. మధ్యాహ్నం రెండున్నర, బేరాలు లేని వేళ. గల్లాపెట్టె పక్కన వాడేసిన బిల్లు కాగితాలు కట్టగా ఉంటే, వాటి వెనక వైపు ఒక్కో సంగతీ ఒక్కో కాగితం మీద రాసి కౌంటరు అద్దం మీద పరిచాను. పంతొమ్మిది చీటీలు. "బాబాయి గారూ, మొదటి రోజు షాపులోకి వచ్చే మనిషి గుమ్మంలో నిలబడి ఏం అడగాలని మీరు అనుకుంటున్నారు?" అని అడిగాను.

ఆయన ఆలోచించలేదు. "మంగళగిరి కాటన్. రెండు వందల నలభై దించాను. పండక్కి అవి కదలకపోతే వేసవి దాకా కూర్చుంటాయి."

ఆ చీటీని తీసి పైన పెట్టాం. ఇలాంటి ప్రశ్న అడిగేటప్పుడు 'మీకు ఏది ముఖ్యం' అని అడిగితే లాభం లేదు, అన్నీ ముఖ్యమే అంటారు. సరుకు గురించి, గుమ్మంలోకి వచ్చే మనిషి గురించి అడిగితే నిజమైన జవాబు వస్తుంది. ఆయన మెసేజ్‌లో మంగళగిరి చీరలు మూడో మాటగా వచ్చాయి. లక్కీ డ్రా గురించి అంతకంటే ఎక్కువసేపు చెప్పారు. చెప్పిన వరసా, చెప్పిన గొంతూ నమ్ముకుని ప్రాంప్ట్ రాస్తే, లక్కీ డ్రా కూపన్ల డబ్బా బొమ్మ మధ్యలోకి వచ్చి కూర్చునేది.

మిగిలిన చీటీలను మూడు కుప్పలు చేశాం. కంటికి కనిపించి తీరాల్సినవి ఒక కుప్ప. అక్షరాల్లో మాత్రమే చెప్పగలిగినవి ఒక కుప్ప. ధర, తేదీ, పేరు అందులోకి వెళ్లాయి, ఎందుకంటే ₹899 అన్నదాన్ని ఏ బొమ్మా చెప్పలేదు. మూడో కుప్ప, స్టేటస్ కింద రాసే మాటల్లోకో, షాపు గుమ్మం ముందు కట్టే ఫ్లెక్సీలోకో వెళ్లేవి. పార్కింగ్, ఏసీ, డబ్బా, డ్రా, ఫోన్ నంబరు అక్కడికి చేరాయి. అప్పటికే ఇంటి నుంచి బయలుదేరిన మనిషికి పనికొచ్చే సంగతులు అవి. బయలుదేరాలో వద్దో ఇంకా తేల్చుకోని మనిషి ముందు వాటిని పెట్టకూడదు.

మొదటి కుప్పలో ఏడు చీటీలు మిగిలాయి. చీర, అమ్మాయి, హరిదాసు, గంగిరెద్దు, గాలిపటాలు, గొబ్బెమ్మలు, నాన్నగారి ఫోటో. ఇక్కడ నాది ఒక్కటే పట్టుదల. పండగను చెప్పడానికి ఒక్క గుర్తు చాలు. రెండు పెడితే కన్ను వాటి మధ్య తిరుగుతుంది, చీర మీద నిలవదు. బాబాయి గారు హరిదాసుని వదులుకోవడానికి ఇష్టపడలేదు. మనిషిని పెడితే మళ్లీ ముఖం వస్తుందని మొదటి బొమ్మ చూపించి చెప్పాను. చివరికి గొబ్బెమ్మ మిగిలింది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. గొబ్బెమ్మ నేల మీద ఉంటుంది, చిన్నది, చీర పక్కన ఒదిగిపోతుంది. అమ్మాయి చీటీ తీసేయడానికి నేనే ఎక్కువ మాట్లాడాల్సివచ్చింది. ఆయన ఒక హీరోయిన్ పేరు చెప్పి ఆమెలాంటి ముఖం కావాలన్నారు. అనుమతి లేకుండా ఒకరి ముఖాన్ని మన సరుకు అమ్మడానికి వాడితే అది కోర్టు దాకా వెళ్లే విషయం, 'ఆమెలాంటి' అన్నా అంతే. ఆ మాటతో ఆయనే చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. నాన్నగారి ఫోటో చీటీని మాత్రం నేను తీయలేదు. "ఇది గుమ్మం ఫ్లెక్సీ మీద పెద్దగా వేద్దాం" అన్నాను. ఆయన తల ఊపి, దాన్ని తనే మూడో కుప్పలోకి జరిపారు.

ఇక మిగిలింది 'రిచ్‌గా' అన్న మాట. ప్రాంప్ట్‌లో ఇలాంటి మాటలు వాడితే ఒక్కో టూల్‌కి ఒక్కో అర్థం. ఎక్కువసార్లు బంగారు మెరుపులు, షాండ్లియర్లు, ఎర్ర వెల్వెట్ తెరలు వస్తాయి. షాపు యజమాని మనసులో ఉన్న 'రిచ్' ఏదో కంటికి కనిపించే వస్తువుల్లోకి మార్చుకోవాలి. "ఊళ్లో ఏ బోర్డు చూసి రిచ్‌గా ఉందనుకున్నారు?" అని అడిగాను. రోడ్డు మీద ఉన్న ఒక నగల షాపు హోర్డింగ్ చెప్పారు. వెళ్లేటప్పుడు చూశాను. నల్లటి నేపథ్యం, ఒక్క హారం, పక్క నుంచి పడుతున్న వెలుగు. అంతే. ఆయన రిచ్ అంటున్నది తక్కువ వస్తువులనీ, ముదురు నేపథ్యాన్నీ, ఒక వైపు వెలుగునీ. ఆ మూడూ ప్రాంప్ట్‌లో రాయగలిగిన మాటలే. ఎరుపు, పసుపుల సంగతీ అలాగే తేలింది. బొమ్మంతా ఎరుపైతే ఎర్ర చీర కనపడదు. గోడ ముదురు ఆకుపచ్చ చేసి, ఎరుపును చీరకూ, పసుపును గొబ్బెమ్మ నెత్తిన పువ్వుకూ వదిలేద్దామంటే ఒప్పుకున్నారు.

చీర ఫోటో కావాలన్నాను. ఇక్కడ జరిగింది నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది, అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను.

పనిలో ఉన్న అమ్మాయి అరలోంచి ఒక కుంకుమ రంగు చీర తెచ్చి పరిచింది. అరచేయంత వెడల్పున్న జరీ అంచు, కొంగులో నిండుగా జరీ. చాలా అందంగా ఉంది. చీటీ తిప్పి చూస్తే ధర ₹2,400. బొమ్మ మీద మనం రాయబోయేది ₹899. చూసేవాళ్లు ఆ రెంటినీ కలిపే చదువుతారు. 'నుంచి' అన్న మాట పెట్టాం కదా అనుకోవచ్చు, కానీ కన్ను 'నుంచి' దగ్గర ఆగదు. ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి ఆ చీర రెండు వేల నాలుగు వందలని కౌంటరు దగ్గర చెబితే, ఆమె ముఖంలో వచ్చే మార్పు నేను చూశాను, వేరే షాపుల్లో. చట్టం కూడా దీని గురించి చెబుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022లో వచ్చిన మార్గదర్శకాల్లో తక్కువ ధర ఎర చూపే ప్రకటనల గురించి విడిగా ఉంది. ప్రకటించిన ధరకు ఆ సరుకు నిజంగా అమ్మే ఉద్దేశం ఉండాలి, సరిపడా నిల్వ ఉండాలి. ఈ మాట చెబితే బాబాయి గారు కోప్పడలేదు. తనే లేచి వెళ్లి ₹899 అరలోంచి అదే కుంకుమ రంగులో ఇంకో చీర తెచ్చారు. అంచు రెండు వేళ్ల వెడల్పే. కానీ అది మంగళగిరి చీరే. ఒళ్లంతా ఒకే రంగు, బుటా లేదు, అంచులో జరీ, కొంగులో జరీ చారలు. షాపు గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని చోట పీట మీద మడత పెట్టి, అంచు మన వైపు వచ్చేలా ఫోన్‌తోనే ఫోటో తీశాను.

ఇప్పుడు ప్రాంప్ట్. మొదటిసారి నేనే తప్పు చేశాను. 'చీర మీద పువ్వులు, బుటాలు వద్దు' అని రాశాను. అవే వచ్చాయి. బొమ్మలు చేసే టూల్స్‌లో చాలావాటికి 'వద్దు' అన్నది బలహీనమైన మాట, 'పువ్వులు' అన్నది బలమైన మాట. అందుకే వద్దన్నవాటి కోసం కొన్నిటిలో వేరే ఏర్పాటు ఉంటుంది. మిడ్‌జర్నీలో చివర `--no` అని పెట్టి రాస్తారు, స్టేబుల్ డిఫ్యూజన్‌లో విడిగా ఇంకో గడి ఉంటుంది. ఆ ఏర్పాటు లేనిచోట లేనిదాన్ని చెప్పకుండా ఉన్నదాన్ని చెప్పాలి. 'బుటాలు వద్దు' బదులు 'ఒళ్లంతా సాదా, ఒకే కుంకుమ రంగు'. 'జనం వద్దు' బదులు 'ఖాళీ వాకిలి'.

రెండోసారి గొబ్బెమ్మ దగ్గర దెబ్బతింది. పేరు రాస్తే లడ్డూలాంటిది ఒకసారి, మట్టికుండ ఒకసారి వచ్చాయి. మన వాకిళ్లలో ఉండే వస్తువుల పేర్లు ఈ టూల్స్‌కి సగమే తెలుసు. పేరు రాసి, వెంటనే అది ఎలా ఉంటుందో చూడని మనిషికి చెప్పినట్టు చెప్పాలి. అరచేతిలో పట్టేంత ఆవుపేడ ముద్ద, నెత్తిన గుమ్మడిపువ్వు. ముగ్గుకీ అంతే. పేడతో అలికిన నేల, తెల్లటి పిండి, చుక్కలు, వాటిని చుట్టిన గీతలు. 'తెల్లటి' అన్న మాట మర్చిపోతే రంగోలీ తిరిగి వస్తుంది.

మూడోసారి ఇచ్చింది ఇది. చీర ఫోటోను జత చేసి ఇచ్చాను.

```
నిలువు చిత్రం, 9:16. జత చేసిన ఫోటోలోని చీరను
ఉన్నది ఉన్నట్టే ఉంచి, చుట్టూ పరిసరం మాత్రం మార్చాలి.
1. చిత్రం మధ్య సగభాగం: చెక్క పీట మీద మడత పెట్టిన
కుంకుమ రంగు చీర. జరీ అంచు కెమెరా వైపు.
2. పై మూడోవంతు: ముదురు ఆకుపచ్చ సాదా గోడ, ఖాళీ.
3. కింద: అలికిన నేల మీద తెల్లటి చుక్కల ముగ్గు, కుడి మూల
ఒక్క గొబ్బెమ్మ (పిడికెడు పేడముద్ద, నెత్తిన పసుపు గుమ్మడిపువ్వు).
ఎడమ నుంచి ఉదయపు ఎండ. ఖాళీ వాకిలి.
```

నిండా యాభై మాటల పైచిలుకు. ఇందులో అంకెలు ఊరికే పెట్టలేదు. ఒకటి అన్నది కన్ను మొదట పడాల్సిన చోటు, దానికి ఎంత జాగానో కూడా చెప్పాను. 'ముఖ్యంగా కనిపించాలి' అని రాస్తే టూల్ తనకు తోచినంత చేస్తుంది. 'మధ్య సగభాగం' అని రాస్తే చాలావరకు వింటుంది. లెక్కగా సగం కాకపోయినా, ఏది పెద్దదన్న తగువు తీరిపోతుంది. రెండోది ఖాళీ. చాలామంది ఖాళీని అడగడం మర్చిపోతారు. అడగకపోతే గోడ మీద తోరణాలో, కిటికీయో, ఒక కేలెండరో వచ్చేస్తాయి, తర్వాత అక్షరాలు వేయడానికి చోటుండదు. అక్షరాలు వేయమని టూల్‌నే ఎందుకు అడగలేదంటే, కొత్త టూల్స్ తెలుగు ముందుకంటే బాగా రాస్తున్నా ఒత్తుల దగ్గర ఇంకా నమ్మకం లేదు. ధరలో ఒక్క అంకె మారినా ఆ నష్టం షాపుకి.

బొమ్మ బాగా వచ్చింది. గోడ, వెలుగు, ముగ్గు, గొబ్బెమ్మ అన్నీ అనుకున్నట్టే. చీర కూడా అదే చీర అనిపించింది. రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి అంచును పెద్దది చేసి చూశాను. ఇది తప్పక చేయాల్సిన పని. మన ఫోటోలో అంచుకి ఒక వెడల్పు జరీ పట్టీ, దాని పైన రెండు సన్నటి గీతలు. టూల్ ఇచ్చినదాంట్లో సన్నటి గీతలు మూడు, పట్టీలో మనకు లేని చిన్న ఆకుల వరస. ఉన్నది ఉన్నట్టే ఉంచమని చెప్పినా అది చీరను మళ్లీ గీసింది. దాని పని తీరే అంత, కాపీ చేయదు, పోలికతో కొత్తగా వేస్తుంది. నేత తెలిసినవాళ్లకు, ముఖ్యంగా రోజూ చీరలు కొనే ఆడవాళ్లకు, ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది. నా అసలు ఫోటోలోంచి చీరను కత్తిరించి, టూల్ వేసిన చీర మీద సరిగ్గా అదే చోట అతికించాను. ప్రాంప్ట్‌లో చీరను అడగడం వృథా కాలేదు. పీట మీద నీడ, కుంకుమ రంగు నేల మీద కొంచెం ప్రతిఫలించడం, వెలుగు వచ్చే దిక్కు అన్నీ అమరి ఉండటంతో అతుకు కనపడలేదు. ఫోటో తీసేటప్పుడే వెలుగు ఎడమ నుంచి పడేలా పీట తిప్పుకున్నాను కాబట్టి సరిపోయింది. ప్రాంప్ట్‌లో 'ఎడమ నుంచి' అని రాసింది అందుకే. ఫోటోలో వెలుగు ఒక వైపు, బొమ్మలో ఇంకో వైపు ఉంటే ఎంత నేర్పుగా అతికించినా చీర గాల్లో తేలినట్టుంటుంది.

అక్షరాలు నేను వేశాను. గోడ మీద రెండు వరసలు. 'మంగళగిరి కాటన్ చీరలు ₹899 నుంచి'. కింద 'జనవరి 14 వరకు', షాపు పేరు. ధరకు రామభద్ర ఫాంట్ వాడాను, లావుగా దూరానికి తెలుస్తుంది. మిగతాదానికి మండలి. 'నుంచి' అన్న మాటను ధర పక్కనే చదవగలిగే సైజులో పెట్టాను. చాలా ప్రకటనల్లో అది చీమంత ఉంటుంది, అది నాకు నచ్చదు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో వేసేవాళ్లు ఒకటి చూసుకోవాలి. టెక్స్ట్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఏర్పాటు పెట్టకపోతే ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కన రాలిపోతాయి. స్టేటస్ తెరిచినప్పుడు పైన పేరూ, కింద జవాబు రాసే గడీ బొమ్మను కప్పుతాయి. అందుకని పైన సుమారు 250 పిక్సెల్స్, కింద 300 దాకా అక్షరాలేవీ లేకుండా వదులుతాను. ఈ బొమ్మలో కిందనున్నది ముగ్గే కాబట్టి కొంత కప్పినా పోయేదేం లేదు. ముందే వరస పెట్టుకోవడంలో ఆ సుఖం కూడా ఉంది.

అంతా అయ్యాక రెండు పరీక్షలు చేస్తాను. ఫోన్‌ను చేతికందినంత దూరం పెట్టి కళ్లు చికిలించి చూస్తాను. వివరాలు చెరిగిపోయి రంగుల ముద్దలు మిగులుతాయి. వాటిలో పెద్దది, వెలుగున్నది చీరే అయ్యుండాలి. మొదట చేసిన పంతొమ్మిది వస్తువుల బొమ్మను అలా చూస్తే ఎక్కడ చూసినా ఒకే రకం మసక. ఈ బొమ్మలో ఆకుపచ్చ మీద ఒక ఎర్రటి ముద్ద, దాని పైన తెల్లటి అంకె. రెండో పరీక్షకు మనిషి కావాలి. సంగతేమీ చెప్పకుండా ఎవరికైనా రెండు సెకన్లు చూపించి, ఫోన్ వెనక్కి తీసుకుని ఏం చూశావని అడగడం. మా పక్క షాపులో కుట్టుపని చేసే అక్కకి చూపించాను. "చీర. ఎనిమిది వందలెంతో ఉంది" అంది. గొబ్బెమ్మ ఉందా అంటే, "ఆ, పండగ కదా" అంది. కచ్చితంగా ఆ వరసే నాకు కావాల్సింది. ఎవరైనా ముందు గొబ్బెమ్మ అని ఉంటే గొబ్బెమ్మను తగ్గించి మళ్లీ చేసేదాన్ని.

బాబాయి గారు వీడియోలా కదిలితే బాగుండునన్నారు. బొమ్మనిచ్చి చిన్న వీడియో చేయించే టూల్స్ ఉన్నాయి, కొన్నిటిలో ఒక ముక్క ఎనిమిది సెకన్లు వస్తుంది. అక్కడ కూడా వరస ఇదే, కాకపోతే అది చోటులో కాకుండా కాలంలో ఉంటుంది. ఒక్క కదలికే అడగాలి. కెమెరా నెమ్మదిగా అంచు వైపు దగ్గరవడం అడిగి చూశాను. దగ్గరయ్యేకొద్దీ అంచులో గీతలు కరిగి మారిపోవడం మొదలైంది, చీరను మళ్లీ గీస్తోంది కదా. వీడియోలో ప్రతి ఫ్రేములోనూ అసలు చీరను అతికించడం నాకు అయ్యే పని కాదు. అందుకని వీడియో మానేసి, బొమ్మనే ఎడిటింగ్ యాప్‌లో పెట్టి మామూలుగా జూమ్ చేశాను. అలా చేస్తే ఉన్న పిక్సెల్సే పెద్దవవుతాయి, కొత్తవి పుట్టవు. నాలుగు సెకన్ల ముక్క సరిపోయింది.

జనవరి 3న పొద్దున ఆ స్టేటస్ వెళ్లింది. ఏడో తేదీ సాయంత్రం ఫ్లెక్సీ బిల్లు కోసం షాపుకి వెళ్లాను. కౌంటరు ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది, పక్కన కోడలు. ఆవిడ ఫోన్‌లో మా బొమ్మ తీసి, రెండు వేళ్లతో అంచును పెద్దది చేసి, కౌంటరు మీద పరిచిన చీర పక్కన పెట్టింది. వేలితో చీర అంచు మీద సన్నటి గీతలు లెక్కపెట్టింది, ఫోన్‌లో లెక్కపెట్టింది. "ఇదే" అని కోడలితో చెప్పి, "ఇందులో పసుపు ఉందా బాబూ?" అని అడిగింది.